లెక్కకు రాని 40 మంది: వరద వేళ జిల్లా నుంచి వెళ్లే నివేదిక

వరద వచ్చిన జిల్లా నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి సాధారణంగా ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక కాగితం వెళుతుంది. ఉధృతి పెరిగితే అది గంటగంటకూ వెళుతుంది. దాన్ని పరిస్థితి నివేదిక అంటారు. కలెక్టరేట్లలో వాడుకగా సిచ్యుయేషన్ రిపోర్టు అనేస్తారు. పేజీలు కొన్నే ఉండే ఆ నివేదికలో ప్రధానంగా మూడు సంగతులు ఉంటాయి. ముంపు ఎంతమందిని తాకింది, వారికోసం ఇప్పటిదాకా జరిగిందేమిటి, ఇంకా కావలసినవేమిటి. మర్నాడు పత్రికల్లో కనిపించే అంకెలకు, ఎక్కడికి ఎన్ని పడవలు పంపాలన్న నిర్ణయానికి, చివరికి రైతుకు అందే పరిహారానికి కూడా మూలం అక్కడే ఉంటుంది.

ఈ నివేదిక కలెక్టరు పేరు మీద వెళ్లడానికి చట్టపరమైన కారణం ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. కలెక్టరే దానికి అధ్యక్షుడు. రోడ్డు మీద రాకపోకలు ఆపడం, జనాన్ని ముంపు ప్రాంతంలోకి వెళ్లనీయకపోవడం, ఆశ్రయం, తిండి, మంచినీరు ఏర్పాటు చేయడం ఆ చట్టంలోని 34వ సెక్షన్ ఇచ్చిన అధికారాలు. ప్రైవేటు పడవనో లారీనో భవనాన్నో సహాయ పనులకు స్వాధీనం చేసుకోవడానికి 65వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఇన్ని అధికారాలున్న మనిషి పైవారిని ఏదైనా అడిగారంటే, జిల్లాలో వెతికినా అది దొరకలేదని అర్థం. నివేదికలో మూడో భాగానికి అంత బరువు ఉండేది అందుకే.

గోదావరి లంకలను తీసుకుంటే ఈ నివేదిక ఎలా తయారవుతుందో బాగా తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి గౌతమి, వశిష్ట పాయలుగా చీలుతుంది. వశిష్ట నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ, ఏటిగట్లకు లోపల ఉన్న ఊళ్లే లంకలు. గట్టుకు అవతల ఉన్న ఊరికి గట్టు రక్షణ. లంకకు ఆ రక్షణ లేదు, ఏరు పెరిగితే నీరు నేరుగా వీధిలోకి వస్తుంది. అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వే, పి.గన్నవరం వైపు చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగాయంటే ఆ ఊళ్లకు పడవే దారి.

2022 జులైలో వచ్చిన వరద ఈ ప్రాంతానికి పెద్ద పరీక్ష పెట్టింది. గోదావరికి భారీ వరద సాధారణంగా ఆగస్టులో వస్తుంది. 1986లో వచ్చిన రికార్డు వరద కూడా ఆగస్టుదే. అప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022లో జులై 16నే అది 71.3 అడుగులు తాకింది. ధవళేశ్వరం నుంచి సముద్రంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. ఆ లెక్కన ఆనకట్ట మీదుగా సెకనుకు 7 కోట్ల లీటర్లకు పైగా నీరు దిగిందన్నమాట. పైగా కోనసీమ అప్పటికి కొత్త జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఆ జిల్లాకు వరద ముంచుకొచ్చేనాటికి సుమారు వంద రోజుల వయసు.

గోదావరి వరదలో ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు, అది చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. అక్కడ కనిపించిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు ప్రవాహాన్ని బట్టి ఉంటాయి. 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. అక్కడి నుంచి లంకల్లోకి నీరు ఎక్కడానికి మరికొన్ని గంటలు. కాబట్టి నివేదిక మొదటి పేరాలో ఆ క్షణాన నది ఎంత ఉందో చెప్పి ఊరుకుంటే చాలదు. భద్రాచలంలో ఇంకా పెరుగుతోందా, నిలకడగా ఉందా, తగ్గుతోందా అన్నది రాయాలి. ఇవాళ మధ్యాహ్నం అక్కడ తగ్గుముఖం పట్టినా లంకల్లో నీరు రేపటిదాకా పెరుగుతూనే ఉంటుంది. ఈ తేడా తెలియని అధికారి భద్రాచలంలో తగ్గిందన్న వార్త వినగానే పడవలను వెనక్కి పంపేసే ప్రమాదం ఉంది.

ఆ పేరాకు తలమీద ఉండాల్సిన మరో వివరం సమయం. నివేదిక 6 గంటలకు వెళ్లినా అందులోని సమాచారం ఏ వేళ వరకు సేకరించినదో వేరే రాయాలి. పెరుగుతున్న ఏటి దగ్గర 3 గంటల నాటి అంకెకు, 6 గంటల నాటి అంకెకు ఒక వీధి తేడా ఉండొచ్చు.

ఇక బాధితుల సంఖ్య. ఈ అంకె కింది నుంచి పైకి నడిచొస్తుంది. ఊళ్లో వీఆర్వో, సచివాలయ సిబ్బంది లెక్క తీస్తారు. తహసీల్దారు కార్యాలయంలో మండలం లెక్క కడతారు. అది ఆర్డీవో ద్వారా కలెక్టరేట్ కంట్రోల్ రూముకు, అక్కడి నుంచి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు వెళుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. బాధితుడంటే ఎవరు? ఇంట్లోకి నీరొచ్చినవారా, దారి తెగి ఊళ్లో చిక్కుకున్నవారా, చేను మునిగినవారా, ఇల్లు వదిలి వచ్చినవారా? నలుగురు తహసీల్దార్లు నాలుగు అర్థాలు తీసుకుంటే జిల్లా మొత్తం ఎంత చక్కగా కూడినా ఆ అంకె దేనికీ పనికిరాదు. అందుకే మంచి నివేదికలో బాధితులు అనే ఒక్క గడి ఉండదు. ముంపు ఊళ్ల జనాభా ఎంత, అందులో పునరావాస కేంద్రంలో ఎందరు, బంధువుల ఇళ్లకు వెళ్లినవారెందరు, ఊళ్లోనే జలదిగ్బంధంలో ఉన్నవారెందరు అని విడివిడిగా ఉంటుంది. చివరి మూడూ కలిపితే మొదటిది రావాలి.

అది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా లంకను పెట్టుకుని చూడవచ్చు. ఈ అంకెలు ఏ నిజమైన ఊరివీ కావు. ఊరి జనాభా పట్టికలో 1,400 మంది ఉన్నారు. సాయంత్రం 5 గంటలకు గట్టు మీది హైస్కూల్లో నడుస్తున్న కేంద్రం రిజిస్టరులో 380 మంది పేర్లున్నాయి. ఆవలి గట్టున బంధువుల ఇళ్లకు వెళ్లామని చెప్పినవారు 520. డాబాల మీద, ఎత్తు దిబ్బల మీద ఉన్నవారు 460 అని ఊళ్లో ఉన్న సిబ్బంది ఫోనులో చెప్పారు. కూడితే 1,360. అంటే 40 మంది లెక్కకు రాలేదు.

తొందరలో ఉన్న కార్యాలయం ఈ 40ని బంధువుల ఇళ్ల గడిలో కలిపేసి లెక్క సరిచేస్తుంది. పని తెలిసిన తహసీల్దారు అలా చేయడు. పట్టిక ముందు పెట్టుకుని ఇంటింటికీ ఫోన్లు చేయిస్తాడు. కోనసీమ ఊళ్లలో ఇలాంటి తేడా రావడానికి ఒక మామూలు కారణం ఉంది. పట్టికలో పేరుండి, మనిషి గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉండటం. ఈ ఊళ్లో అలాంటివారు 21 మంది తేలారు. మరో 11 మంది ఎవరికీ చెప్పకుండా అత్తవారింటికో చెల్లెలి ఇంటికో వెళ్లిపోయారు. మిగిలినవారు 8 మంది. పొద్దున గేదెలను తోలుకురావడానికి లంక చివరనున్న పశువుల పాకల దగ్గరికి వెళ్లి, మధ్య పల్లం మునిగి తిరిగి రాలేకపోయినవారు. ఫోన్లలో ఛార్జింగు లేదు. చీకటి పడకముందే పడవ అటు తిరగడానికి కారణం ఆ కూడికలో కనిపించిన తేడా ఒక్కటే.

ఇప్పుడు లెక్క ఇలా మారుతుంది. కేంద్రంలో 380, బంధువుల ఇళ్లలో 531, ఊళ్లో చిక్కుకున్నవారు 468, అసలు ఊళ్లో లేనివారు 21. మొత్తం 1,400. సహాయం ఎవరికి, ఎక్కడికి చేరాలో ఈ వరస చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఒకవేళ ఫోన్లు కలవక ఆ 40 మంది సంగతి తేలకపోతే, ఆచూకీ తేలాల్సినవారు 40 అని అలాగే రాసి పంపాలి. తేలని అంకెను తేలలేదని రాయడంలో తప్పులేదు. దాన్ని మాయం చేయడమే తప్పు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. జనాభా పట్టికలో లేకుండా ఊళ్లో ఉన్న మనుషులు ఉంటారు. అరటి తోటల్లో పనికొచ్చిన కూలీలు, ఇటుక బట్టీల్లో వలస కుటుంబాలు, గొర్రెల మందలతో వచ్చినవారు. పట్టిక పట్టుకుని వెళ్లిన సిబ్బందికి వీళ్లు కనిపించరు. అందుకని లంకల్లో అనుభవమున్న వీఆర్వోలు బట్టీ యజమానులకు, తోటల కౌలుదార్లకు ముందే ఫోను చేసి తల లెక్క అడుగుతారు.

ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు రావడం మరో చిక్కు. సొంత ఊరి వీఆర్వో ఆ మనిషిని ముంపు బాధితుల్లో రాస్తాడు. పక్క మండలంలోని కేంద్రం నడిపే అధికారి తన రిజిస్టరులోనూ రాస్తాడు. భోజనాల దగ్గర ఇది ఇంకా పెరుగుతుంది. 380 మందికి మూడు పూటలా పెడితే 1,140 భోజనాలు. ఆ భోజనాల అంకె ఎక్కడో మనుషుల గడిలో పడితే కేంద్రం ఒక్క రాత్రిలో మూడింతలైనట్టు కనిపిస్తుంది. కేంద్రం రిజిస్టరులో సొంత ఊరి పేరు, కుటుంబ పెద్ద పేరు, రేషన్ కార్డు నంబరు రాయడం ఈ తప్పును ఆపడానికే. అలాగే నిన్నటి నుంచి మొత్తం ఎందరు వచ్చారన్నది వేరు, ఈ పూట ఎందరున్నారన్నది వేరు. బియ్యం పంపేది రెండో అంకెను చూసి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఖాళీ గడి. వరద ఎక్కువగా ఉన్న ఊళ్లోనే కరెంటు ముందు పోతుంది, టవరు బ్యాటరీ అయిపోతుంది, ఫోను కలవదు. ఆ ఊరి నుంచి సమాచారం రాదు. కంప్యూటరు ముందున్న గుమాస్తా ఆ గడిలో సున్నా వేస్తాడు. పై కార్యాలయంలో ఆ సున్నాను ఇబ్బంది లేని ఊరుగా చదువుతారు. బాధ ఎక్కువున్న ఊరు కాగితం మీద సుఖంగా కనిపిస్తుంది. సున్నా వేరు, సమాచారం అందలేదు అనడం వేరు. ఆ రెండో మాట రాసిన ఊళ్ల జాబితా పొద్దున మొదటి పడవ ఎటు వెళ్లాలో చెబుతుంది. ఎన్ని గంటల నుంచి సంబంధం తెగిందో పక్కనే రాస్తే మరీ మంచిది.

మృతుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మృతి చెందినవారు, గల్లంతైనవారు రెండు వేర్వేరు గడులు. శవపంచనామా, పోస్టుమార్టం అయ్యి, మరణం వరద వల్లేనని తేలాకే మొదటి గడిలోకి చేరుస్తారు. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలి. కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ కుటుంబం నెలల తరబడి కార్యాలయం చుట్టూ తిరగాలి. వరద వేళ రాసిన ఒక్క వాక్యం తర్వాత వారికి సాక్ష్యమవుతుంది.

రెండో భాగం తీసుకున్న చర్యలు. ఇక్కడ క్రియాపదాలను గమనించాలి. ఆదేశించడమైనది, ఏర్పాట్లు చేయడమైనది, అప్రమత్తం చేయడమైనది అన్న మాటలతో పేజీ నిండిపోతే, అసలు జరిగింది కొంచెమే అయి ఉండవచ్చు. వైద్య శిబిరాలు ఏర్పాటు చేయడమైనది అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మధ్యాహ్నం 2 గంటల నుంచి హైస్కూలు కేంద్రంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఉన్నారు, సాయంత్రానికి 64 మందిని చూశారు, వారిలో 9 మందికి విరేచనాలు అని రాస్తే రాష్ట్ర కార్యాలయంలో కూర్చున్న వైద్యాధికారికి ఆ 9 దగ్గర చూపు ఆగుతుంది. మర్నాటికి అది 20 అయితే తాగునీటిలో ఏదో తేడా ఉందని ఆయనకు వెంటనే తెలుస్తుంది. నిన్నటి అంకె పక్కన ఇవాళ్టి అంకె ఉంటేనే ఈ పోలిక సాధ్యం.

చర్యల్లో ముందే చేసి ఉండాల్సినవి కొన్ని ఉంటాయి. ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులను కాజ్‌వే మునగకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం లంక మండలాల్లో అలవాటైన పని. డయాలసిస్ చేయించుకునేవారి పేర్లు కూడా ఈ జాబితాలోకి రావాలి. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లక తప్పని మనిషికి నాలుగు రోజుల జలదిగ్బంధం ప్రాణాంతకం. నివేదికలో వీరిని సంఖ్యగా కాక ఊరిపేరుతో సహా రాస్తే, తరలించాల్సినవారు ఇంకెందరు మిగిలారో ప్రతి పూటా తేలుతుంది.

ఏటిగట్ల సంగతి ఇదే భాగంలో వస్తుంది. గట్టు బలహీనంగా ఉందని రాయడం చాలదు. నీటి ఒత్తిడికి గట్టు ఆవలి వైపు బుంగ పడి నీరు ఊరడం మొదలవుతుంది. అది తేటగా ఉంటే కొంత వ్యవధి ఉన్నట్టు. బురదగా మారిందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోంది, గండి పడే ప్రమాదం దగ్గరపడింది. ఇసుక బస్తాలను బుంగ చుట్టూ బావి ఒరలా పేర్చి, లోపల నీరు కొంత ఎత్తుకు నిలిచేలా చేస్తే ఆ ఒత్తిడి బయటికొచ్చే నీటిని నిదానింపజేస్తుంది, మట్టి జారడం తగ్గుతుంది. బుంగను నేరుగా మూసేస్తే నీరు ఇంకోచోట దారి చేసుకుంటుంది. గట్టు మీద రాత్రి కాపలా ఉన్నవారు టార్చిలైటు వేసి చూసేది ఈ రంగునే. నివేదికలో గట్టు ఎన్నో కిలోమీటరు దగ్గర, ఏ వేళకు, తేటనీరా బురదనీరా అని మూడు ముక్కలుంటే ఇరిగేషన్ ఇంజనీరుకు సరిపోతుంది.

మూడో భాగం దగ్గరే చాలా నివేదికలు తేలిపోతాయి. ఏమీ అక్కర్లేదు, అంతా అదుపులో ఉంది అని రాసే ధోరణి ఒకటి. అడిగితే అసమర్థుడనుకుంటారన్న భయం దానికి మూలం. ఆ భయానికి మూల్యం చెల్లించేది డాబా మీద కూర్చున్న మనిషి. రెండో ధోరణి, తగినన్ని పడవలు, నీరు, మందులు పంపగలరు అని రాయడం. తగినన్ని అన్నది అంకె కాదు. పంపేవారు ఏదో ఒకటి పంపుతారు, అది ఎవరికో ఒకరికి చేరుతుంది.

కావలసినదాన్ని లెక్కకట్టడానికి ప్రమాణాలు ఉన్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచించిన కనీస ప్రమాణాల ప్రకారం కేంద్రంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. రోజుకు కనీసం 3 లీటర్ల తాగునీరు అందాలి. 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. మళ్లీ ఆ ఊహా లంకకు వస్తే, 380 మందికి 1,330 చదరపు మీటర్లు కావాలి. హైస్కూలు గదులు, వరండా అన్నీ కలిపి 420 చదరపు మీటర్లు. ఆ ప్రమాణంతో అక్కడ పట్టేది 120 మంది. మొదటి రాత్రి ఎలాగో సర్దుకుని పడుకుంటారు. వానలో తడిసి వచ్చినవారికి పైకప్పు ఉండటమే గొప్ప. మూడో రాత్రికి అదే ఇరుకు జ్వరాలకు, గొడవలకు, ఆడవాళ్ల అగచాట్లకు కారణమవుతుంది. కాబట్టి 260 మందికి ఇంకో కళ్యాణ మండపమో కాలేజీయో చూడాలి. మరుగుదొడ్లు 13 కావాలి, బడిలో ఉన్నవి 6. లోటు 7. ఆ లోటే నివేదికలోకి ఎక్కాల్సిన అంకె.

ఊళ్లో చిక్కుకున్న 468 మందికి తాగునీరు రోజుకు 1,404 లీటర్లు. చుట్టూ కనుచూపుమేర నీరే ఉన్నా అందులో ఒక్క గుక్కెడు తాగడానికి పనికిరాదు, బోర్లూ మునిగే ఉంటాయి. 20 లీటర్ల డబ్బాల్లో అయితే 71 డబ్బాలు, బరువు టన్నున్నర దాకా. సగం టన్ను మోసే ఇంజన్ పడవకు మూడు ట్రిప్పులు. రేవు నుంచి ఊరికి వెళ్లి, ఇంటింటికీ దించి, వెనక్కి రావడానికి గంటన్నర వేసుకుంటే నాలుగున్నర గంటలు. ఉన్నది ఒక్క పడవ. దానితోనే భోజనాలు చేరవేయాలి, జబ్బుపడినవారిని గట్టుకు తేవాలి. వెలుతురు ఉండేది పన్నెండు పదమూడు గంటలు. చీకట్లో కొట్టుకొచ్చే మానుల మధ్య పడవ నడపమని ఏ సరంగునూ అడగకూడదు. ఈ లెక్కంతా వేశాక నివేదికలో కనిపించేది ఒకటి రెండు వాక్యాలే. ఇంకో ఇంజన్ పడవ, సరంగుతో సహా, 10 లైఫ్ జాకెట్లతో, రేపు ఉదయం 7 గంటలకు ఫలానా రేవుకు, అందుకునేది ఫలానా డిప్యూటీ తహసీల్దారు, ఫోను నంబరు ఇది. రాకపోతే 468 మందికి రేపు నీళ్లు సగమే అందుతాయి.

ఆ చివరి వాక్యం ఉండటం చాలా అవసరం. జిల్లాలో పది మండలాలు పది పడవలు అడుగుతాయి. చేతిలో ఆరే ఉంటాయి. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చేది రాకపోతే ఏమవుతుందన్న సమాధానమే.

పశువుల గురించి విడిగా రాయకపోతే మనుషుల లెక్క కూడా తప్పుతుంది. పాడి గేదెను వదిలి రమ్మంటే లంక రైతు కదలడు. ఆ గేదె ఏడాది పొడుగునా ఆ ఇంటికి తిండి పెడుతుంది. గేదెలకు గట్టు మీద చోటు, గడ్డి చూపిస్తే మనిషి వెంట వస్తాడు. గడ్డివాములు తడిసిపోతాయి కాబట్టి 250 పశువులకు తలకు 5 కిలోల ఎండుగడ్డి వేసుకున్నా రోజుకు 1,250 కిలోలు బయటి నుంచి రావాలి. ఈ అంకె పశుసంవర్ధక శాఖ పేజీలో ఎక్కడో కాక మొదటి పేజీలోనే ఉండాలి. ఖాళీ చేయించడానికి పడవలు వెళ్లి ఖాళీగా తిరిగొచ్చాయన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ గడ్డి సంగతే.

వరద తగ్గుముఖం పట్టాక నివేదిక ఆగదు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎత్తేసినా, సముద్రం దగ్గరి పల్లపు ఊళ్లలో పోటు వేళ నీరు కదలదు, ఆటు వేళ కాస్త కాస్త దిగుతుంది. అందుకని ఎన్ని ఊళ్లు ముంపు నుంచి బయటపడ్డాయో, ఎన్ని ఇళ్లలో ఇంకా నీరుందో, ఎన్ని ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగి క్లోరిన్ వేశారో, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు తిరిగి ఛార్జి చేశారో రాస్తూ పోవాలి. ఇళ్లలోకి తిరిగి వెళ్లే రోజుల్లో పాముకాట్లు పెరుగుతాయి. విరుగుడు మందు ఏ ఆరోగ్య కేంద్రంలో ఎన్ని వయల్స్ ఉందన్నది ఆ వారం నివేదికలో ఉండాల్సిన వాక్యం.

ఆ తర్వాత పంట నష్టం ఎన్యూమరేషన్ మొదలవుతుంది. నిబంధనల ప్రకారం పంట 33 శాతం, అంతకుమించి దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీకి అర్హత. నీరు నిలిచి ఉన్నప్పుడు నివేదికలో రాసేది మునిగిన విస్తీర్ణం. నీరు తీశాక పొలంలో దిగి చూసి రాసేది దెబ్బతిన్న విస్తీర్ణం. మొదటిది ఎప్పుడూ పెద్దది. వరద రోజుల్లో మునిగినదాన్నే నష్టంగా ప్రకటించిన జిల్లా తర్వాత అంకె తగ్గించుకుంటే, పరిహారం ఎగ్గొడుతున్నారని రైతు అనుకోవడం సహజం. మొదటి రోజు నుంచే ఇది ముంపు అంచనా, నష్టం లెక్క కాదు అని పక్కన రాసి ఉంటే ఆ అపనమ్మకం రాదు. కౌలు రైతు పేరు ఎక్కడా కనిపించకుండా పోయేది కూడా ఈ దశలోనే. భూమి కాగితాల్లో యజమాని పేరే ఉంటుంది, అరటి గెలలు పోగొట్టుకున్నది మరొకరు. సాగు చేస్తున్నది ఎవరన్నది ఎన్యూమరేషన్ పత్రంలో రాయించుకునే బాధ్యత గ్రామ స్థాయి వ్యవసాయ సిబ్బందిది. తయారైన జాబితాను సచివాలయం గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకుంటారు. అప్పుడే చూసుకుని పేరు లేకపోతే చెప్పాలి.

నివేదికలోని లెక్క సరిగ్గా ఉండటానికి లంకవాసి చేతిలో కూడా ఒక పని ఉంది. ఇల్లు విడిచి బంధువుల ఊరికి వెళ్లేవారు, వెళ్లేముందు ఇంట్లో ఎందరున్నారో, ఎక్కడికి వెళుతున్నారో, ఏ ఫోనులో దొరుకుతారో సచివాలయంలో చెప్పి వెళ్లాలి. అక్కడ ఎవరూ లేకపోతే 1077కు ఫోను చేసి జిల్లా కంట్రోల్ రూములో చెప్పవచ్చు. పశువుల పాక దగ్గర ఎవరైనా ఉండిపోతే ఆ మాట మరీ ముఖ్యంగా చెప్పాలి. ఆ ఒక్క ఫోను అందితే, సాయంత్రం చీకటి పడేవేళ ఉన్న ఒక్క పడవ నేరుగా ఆ పాక దగ్గరికే వెళుతుంది.